నూట పదిహేడు కిలోల ఉల్లి ఎక్కడికి పోయింది? – నా అనుభవం

నిన్న సాయంత్రం బెంగళూరు యశ్వంతపురం మార్కెట్ యార్డు నుంచి ఇంటికొచ్చాను. మనసు ఇంకా కుదుటపడలేదు. మా నాన్నలాగా రోజుకో లోడు చొప్పున సరుకు అమ్మి, చివర్లో లెక్క కూడుకునే వాళ్ల పిల్లలు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. వాళ్ల కోసమే రాస్తున్నాను.

మాది కర్నూలు వైపు పల్లె. నేను ఉద్యోగం చేసేది బెంగళూరులో. ఈసారి ఉల్లిని నాన్న, మా మేనమామ కలిసి సగం సగం పొత్తుకు వేశారు. బెంగళూరులో ధర బాగుందని యశ్వంతపురం యార్డుకు తెచ్చారు. లారీ దొరకడం, దించడం, కాటా పెట్టించడం, అన్నీ సాఫీగా జరిగాయి. ఐదు మార్కెట్ రోజుల్లో సరుకంతా అమ్ముడైంది. రోజుకో పట్టీ చొప్పున ఐదు పట్టీలు, చివర మొత్తం వేసిన చీటీ ఒకటి నాన్న చేతికిచ్చారు. మామతో పంపకం ఉంది కాబట్టి లెక్క నేను చూస్తానన్నాను.

పట్టీల మీద తూకం ఇలా ఉంది: 18-45, 22-8, 15-60, 19-5, 12-92. గీతకు ముందున్నవి క్వింటాళ్లు, తర్వాతవి కిలోలు. మండీ వాళ్లు వేసిన మొత్తం 88-10.

రాత్రి ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ తెరిచి, పట్టీలో ఉన్నది ఉన్నట్టే కొట్టాను. 22-8 కొడితే అది తారీఖనుకుని `22-Aug` అని చూపించింది. 19-5 కాస్తా `19-May` అయింది. చిరాకేసి, గీతలన్నీ తీసేసి చుక్కలు పెట్టాను: 18.45, 22.8, 15.60, 19.5, 12.92. ఈసారి మొత్తం 89.27 వచ్చింది. మండీ చీటీ కంటే 1 క్వింటా 17 కిలోలు ఎక్కువ. అంటే 117 కిలోలు, రెండు బస్తాలకు పైనే. ఏ రోజు ధరతో ఆ రోజు తూకాన్ని గుణిస్తే డబ్బులో ₹1,782 తేడా తేలింది. నాన్నను మోసం చేశారని రాత్రంతా నిద్ర పట్టలేదు.

పొద్దున్నే నాన్నను వెంటబెట్టుకుని మండీకి వెళ్లాను. అప్పటికే పదిమంది రైతులు పట్టీల కోసం కూర్చుని ఉన్నారు. అందరూ వింటుండగానే గుమస్తాతో గట్టిగా అన్నాను: "నూట పదిహేడు కిలోలు తినేశారు, ఎక్కడికి పోయింది మా సరుకు?"

గుమస్తా పెద్దాయన, తెలుగువాడే. గొంతు పెంచలేదు. "తేడా ఎంతన్నావు నాయనా, నూట పదిహేడా? తొమ్మిదితో భాగించు" అన్నాడు.

పదమూడు వచ్చింది.

"శేషం ఏమైనా మిగిలిందా?"

"లేదు."

"అయితే మొదట చూడాల్సింది కాటాను కాదు, నీ రాతను. కిలోలు ఒంటి అంకెలో ఉన్న పట్టీలు తీయి."

రెండే ఉన్నాయి, 22-8, 19-5. "ఎనిమిదీ ఐదూ ఎంత?" అని అడిగాడు. పదమూడు. నా నోట మాట రాలేదు.

ఎనిమిది కిలోలంటే క్వింటాలో నూరింట ఎనిమిది పాళ్లు. చుక్క పెట్టి రాయాలంటే 22.08 అని రాయాలి. నేను రాసిన 22.8 అంటే 22 క్వింటాళ్ల 80 కిలోలు. అక్కడ 72 కిలోలు పెరిగాయి. 19.5 అంటే 19 క్వింటాళ్ల 50 కిలోలు. అక్కడ 45 పెరిగాయి. రెండూ కలిపితే సరిగ్గా 117. ఎనిమిదిని ఎనభై చేస్తే పెరిగేది ఎనిమిదికి తొమ్మిది రెట్లు, ఐదును యాభై చేస్తే ఐదుకు తొమ్మిది రెట్లు. అందుకే తేడా తొమ్మిదితో తెగింది, భాగిస్తే ఆ ఒంటి అంకెల మొత్తమే వచ్చింది. 45ను 54 అని తిరగరాసినా తేడా తొమ్మిదితోనే తెగుతుందట. తెగినంత మాత్రాన రాతలోనే తప్పుందని తేల్చేయలేం, కానీ మొదట వెతకాల్సిన చోటు అదే. తేడా సరిగ్గా నూరో రెండొందలో కిలోలైతే మాత్రం, కిలోలు కూడినప్పుడు వచ్చిన క్వింటాలు ఎక్కించడం మరిచిపోయామేమో చూసుకోవాలట.

అక్కడున్న రైతుల్లో ఒకాయన నవ్వాడు. దానికి నాకు బాధ లేదు. నాన్న తలవంచుకుని నిలబడ్డాడు, అదే తట్టుకోలేకపోయాను. బయటికొచ్చాక ఆయన జేబులోంచి చిన్న నోటు బుక్కు తీసి చూపించాడు. లెక్క ముందే వేసుకుని ఉన్నాడు! ముందు కిలోలు మాత్రం కూడాడు. 45కు 8 కలిపితే 53, దానికి 60 కలిపితే 113. నూరు నిండగానే పక్కన ఒక గీత గీసి, 13 ఉంచుకున్నాడు. 5 కలిపితే 18, 92 కలిపితే 110. ఇంకో గీత, మిగిలింది 10. తర్వాత క్వింటాళ్లు కూడితే 86, రెండు గీతలు కలిపితే 88. మొత్తం 88 క్వింటాళ్ల 10 కిలోలు. "నన్నొక్క మాట అడిగుంటే చెప్పేవాణ్ని కదరా" అన్నాడు. ఎక్సెల్ వచ్చని నేను ఆయన్ని అడగనే లేదు.

తప్పు నాదే. కానీ ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను: పట్టీ రాసేవాళ్లు 22-8 అని కాకుండా 22-08 అని రాయాలి. ఒక్క సున్నా రాయడానికి ఎంతసేపు పడుతుంది? చదువు రాని రైతు ఆ పట్టీని కొడుక్కో, బ్యాంకు వాళ్లకో చూపించాలి. చూసిన ప్రతివాడూ సరిగ్గా చదవాలంటే ఆ సున్నా ఉండి తీరాలి. గుమస్తాకు క్షమాపణ చెప్పి, ఈ మాట కూడా చెప్పాను. ఇన్నేళ్లుగా ఇట్లే రాస్తున్నామన్నాడు.

చుక్కతో ఇంకో చిక్కు కూడా ఉంది. 15.60 అని కొట్టినా తెరమీద 15.6 అనే కనబడుతుంది. లెక్క సరిగ్గానే ఉంటుంది, కానీ అది చూసి మామ "ఆ రోజు ఆరు కిలోలేనా?" అని అడిగాడు. అందుకే ఇప్పుడు చుక్క జోలికే పోవడం లేదు. క్వింటాళ్లు ఒక గడిలో, కిలోలు పక్క గడిలో వేస్తున్నాను. B గడుల్లో క్వింటాళ్లు, C గడుల్లో కిలోలు ఉంటే మొత్తాలు ఇలా వస్తాయి:

```
=SUM(B2:B6)+INT(SUM(C2:C6)/100)
=MOD(SUM(C2:C6),100)
```

మొదటిది 88 ఇచ్చింది, రెండోది 10. డబ్బు కోసం మాత్రం ఏ రోజుకారోజు B2+C2/100 ని ఆ రోజు ధరతో గుణించి, చివర్లో కూడాను. రెండో రోజు ధర క్వింటా ₹1,600, నాలుగో రోజు ₹1,400. అంత తేడా ఉన్నప్పుడు మొత్తం తూకాన్ని ఏదో ఒక ధరతో గుణిస్తే తప్పే వస్తుంది.

రాత్రి మామ ఇంటికొచ్చాడు. చెరి 44 క్వింటాళ్ల 5 కిలోలు లెక్కకు వచ్చాయి. ఆ మొత్తాన్ని నేను చీటీ మీద రాస్తుంటే నాన్న పెన్ను తీసుకుని ఐదుకు ముందు సున్నా పెట్టాడు.