ఒక అంజీర, రెండు ఖర్జూరాలు, ముప్పై కిస్మిస్‌లు: కాటా మీద నాలుగు వారాలు

ఇదంతా నాన్న మాట దగ్గర మొదలైంది. షుగరు పరీక్ష చేయించుకున్న దగ్గరి నుంచి ఆయన సాయంత్రం టీతో పాటు ఒక అంజీర తింటున్నారు. అమ్మ రెండు ఖర్జూరాలు తీసుకుంటే మాత్రం, "నేను ఒకటే, నువ్వు రెండు" అని లెక్క చెబుతారు. ఆ లెక్క సరైనదో కాదో చూద్దామని గ్రాములో పదో వంతు కూడా చూపించే చిన్న డిజిటల్ కాటా కొన్నాను. అనంతపురం పాతూరులో అంజీర, ఖర్జూరం, కిస్మిస్ మూడూ పావుకిలో చొప్పున తెచ్చాను.

మొదటి వారం ఖర్జూరాలతోనే సరిపోయింది. పది పండ్లు తూచితే 92 గ్రాములు వచ్చాయి. విత్తులు తీసి వాటిని విడిగా తూచితే 9 గ్రాములు. అంటే తినే భాగం 83 గ్రాములు, ఒక్కో పండుకు 8.3. పోషకాల పట్టికల్లోని అంకెలు విత్తు తీసిన పండువి కాబట్టి, విత్తుతో కలిపి తూచి లెక్క వేస్తే దాదాపు పదో వంతు ఎక్కువ వస్తుంది.

రెండో వారం యాభై కిస్మిస్‌లు లెక్కపెట్టి తూచాను. 25 గ్రాములు, ఒక్కోటి అర గ్రాము. ఒక్క కిస్మిస్‌ను తూస్తే కాటా ఒకసారి 0.4, మరోసారి 0.6 చూపించింది కాబట్టి ఇలాంటి చిన్నవాటిని యాభై కలిపి తూచి భాగించడమే మేలు. దండకు గుచ్చిన అంజీరల్లో ఆరు తీసి తూచితే 108 గ్రాములు, ఒక్కోటి 18.

ఇక పోషకాల పట్టిక. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం వంద గ్రాములకు కార్బోహైడ్రేట్లు కిస్మిస్‌లో 79, ఖర్జూరంలో 75, ఎండు అంజీరలో 64 గ్రాములు. వాటిని నా తూకాలతో గుణిస్తే వరుస పూర్తిగా తలకిందులైంది. ఒక అంజీరలో 11.5 గ్రాములు, ఒక ఖర్జూరంలో 6.2, ఒక కిస్మిస్‌లో 0.4. వంద గ్రాముల లెక్కలో అన్నింటికంటే తక్కువున్న అంజీర, ఒక్కోటి లెక్కలో అన్నింటికంటే పైకి వచ్చింది. నాన్న ఒక అంజీర, అమ్మ రెండు ఖర్జూరాలు దాదాపు సమానమే!

అదే పట్టికలో "ఒక అంజీర" అంటే 8.4 గ్రాములని రాసి ఉంది. మా అంజీర దానికి రెట్టింపు కన్నా ఎక్కువ. ఖర్జూరాల్లోనూ మెజూల్ రకం ఒక్కటే 24 గ్రాములుంటుంది, మా ఇంటివి మూడు కలిస్తే అంత. అందుకే ఎవరో రాసిన "ఒక్కోదానికి ఇంత" అనే అంకె మన ఇంటి పండుకు పనికిరాదు.

పీచు, చక్కెర చూడాలంటే కార్బోహైడ్రేట్లను దాదాపు సమానం చేసి పోల్చాలి. సుమారు 12 గ్రాముల కార్బోహైడ్రేట్లకు ఒక అంజీర, లేదా రెండు ఖర్జూరాలు, లేదా ముప్పై కిస్మిస్‌లు. అంజీరలో పీచు 1.8 గ్రాములు, చక్కెర 8.6. ఖర్జూరాల్లో పీచు 1.3, చక్కెర 10.5. కిస్మిస్‌లో పీచు 0.6, చక్కెర దాదాపు 9. అంజీరకే నా ఓటు. అయితే ఒక అంజీరకే, మూడు అంజీరలకు కాదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అమెరికా పట్టికలో కార్బోహైడ్రేట్ల అంకెలోనే పీచు కలిసి ఉంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికలో పీచును విడిగా చూపించి, మిగిలినదాన్నే కార్బోహైడ్రేట్లుగా ఇస్తారు. ఒక పండు అంకె అక్కడి నుంచి, మరో పండు అంకె ఇక్కడి నుంచి తీసుకుంటే పోలిక చెడుతుంది.

మూడో వారం నేను చేసిన తప్పు ఇంకా పెద్దది. అమ్మ రాత్రి నానబెట్టిన మూడు అంజీరలను పొద్దున తూచి 88 గ్రాములని రాసుకున్నాను. ఎండు అంజీర అంకెతో గుణిస్తే కార్బోహైడ్రేట్లు 56 గ్రాములు తేలాయి. మూడింటికి అంత రావడమేమిటని చూస్తే, నానబెట్టకముందు వాటి బరువు 54 గ్రాములే. మిగతా 34 గ్రాములు నీళ్లు. అసలు అంకె 34.5. అప్పటి నుంచి నానబెట్టే ముందే తూస్తున్నాను. నానిన నీళ్లు తియ్యగా ఉంటాయంటే కొంత చక్కెర అందులోకి దిగిందన్నమాట. నాన్న ఆ నీళ్లు కూడా తాగేస్తారు కాబట్టి ఎండు బరువు లెక్కే సరిపోతుంది. మన జిల్లా తోటల్లో పండే పసుపుపచ్చ తాజా ఖర్జూరంలోనూ నీరు ఎక్కువే, దానికి ఎండు పట్టిక అంకె వాడకూడదు.

నాలుగో వారం నాన్న పిడికిలిని తూచాను. "నాలుగు కిస్మిస్‌లే కదా" అంటూ డబ్బాలో చెయ్యి పెట్టి తీసినవి 31 గ్రాములు, అంటే అరవై పైనే. కార్బోహైడ్రేట్లు 24.5, పీచు గ్రాము చిల్లర. రెండు అంజీరలను మించిపోయింది. ఇప్పుడు ఆ డబ్బాలో చిన్న చెంచా వేసి పెట్టాం. ఆ చెంచాతో ఒకసారి తీస్తే 11 గ్రాములు, 8.7 గ్రాముల కార్బోహైడ్రేట్లు. నిన్న సాయంత్రం ఆయన రెండు చెంచాలు తీసుకుని, "ఒకటే" అన్నారు.