బెంచీ వెనక పిల్లి: నాలుగు ప్రిపొజిషన్లు నేర్పిన నా అనుభవం

నేను నాలుగైదేళ్ల పిల్లలకు ఇంగ్లీషు మొదలుపెట్టించే టీచర్ని. ఆన్, అండర్, బిసైడ్, బిహైండ్ అనే నాలుగు మాటలను ముందు ఆటతో, తర్వాత బొమ్మల వర్క్‌షీట్‌తో నేర్పించాను. ఆటలో అందరూ చకచకా చేశారు. కాగితం మీదకి వచ్చేసరికి బిహైండ్ దగ్గర చాలామంది ఆగిపోయారు. అలా ఎందుకు జరుగుతుందో, దాన్ని ఎలా దాటించానో రాస్తే ఇదే పాఠం చెప్పేవాళ్లకు పనికొస్తుందనిపించింది.

ఆటకు నేను ఎంచుకున్న వస్తువు ఒక్కటే, వెనక ఆనుకునే చెక్క ఉన్న పొట్టి బెంచీ. ఎక్కి కూర్చోవచ్చు, కిందకి దూరవచ్చు, పక్కన నిలబడవచ్చు, వెనక దాక్కోవచ్చు. నాలుగు మాటలకూ అదే బెంచీ ఉండాలని మొదటే అనుకున్నాను. ఆన్ అంటే కుర్చీ, అండర్ అంటే టేబుల్ అని వస్తువు మార్చేస్తే, పిల్లలు కుర్చీ అన్న మాట పట్టుకుని ఎక్కి కూర్చుంటారు, టేబుల్ అనగానే కిందకి దూరతారు. ఆన్, అండర్ వాళ్ల చెవిన పడ్డాయో లేదో మనకు తెలియదు. వెనక చెక్క ఉన్న బెంచీయే తీసుకోవడానికీ కారణం ఉంది. దానికి ముందు ఏదో, వెనక ఏదో ఎటు నుంచి చూసినా మారదు.

మొదట ఆన్, అండర్ మాత్రమే. ఈ రెండూ పైకీ కిందకీ కాబట్టి త్వరగా కుదిరాయి. అవి తడబడకుండా వచ్చాక బిసైడ్, ఆ తర్వాత బిహైండ్ కలిపాను. నాలుగూ ఒకేసారి ఇస్తే పిల్లలు మాట వినడం మానేసి పక్కవాడిని చూడటం మొదలుపెడతారు. పక్కవాడి సంగతి సరే, టీచర్ చెయ్యి కూడా జవాబు చెప్పేస్తుంది. "గో అండర్ ద బెంచ్" అంటున్నప్పుడు మనకు తెలియకుండానే కళ్లు కిందకి వెళ్తాయి, వేలు కదులుతుంది. అందుకే వాళ్లకు కొంచెం అలవాటయ్యాక నేను పిల్లల వీపు వైపు నిలబడి, చేతులు కట్టుకుని చెప్పేదాన్ని. అప్పటిదాకా హుషారుగా దూకినవాళ్లలో కొందరు అక్కడ ఆగి ఆలోచించారు. ఎవరికి మాట అందింది, ఎవరికి సైగ అందింది అన్నది ఆ ఒక్క క్షణంలో తేలిపోతుంది.

ఒకరిని చూసి ఒకరు చెయ్యకుండా ఇంకో ఆట పెట్టాను. అందరూ కుర్చీల్లో కూర్చుని, చేతిలో రుమాలు పట్టుకుని, కళ్లు మూసుకోవాలి. రుమాలు పాదం మీద, పాదం కింద, పాదం పక్కన, పాదం వెనక, నేను ఏది చెబితే అక్కడ పెట్టాలి. ముందు మోకాలు అనుకున్నాను గానీ, కూర్చున్నప్పుడు మోకాలి కిందా వెనకా దాదాపు ఒకే చోటవుతాయి. పాదానికి ఆ గొడవ లేదు. వేళ్ల వైపు ముందు, మడమ వైపు వెనక. "బిహైండ్ యువర్ ఫుట్" అన్నప్పుడు రుమాలు మడమ వెనక పడిందంటే ఆ బిడ్డకు మాట అర్థమైనట్టే.

ఇక వర్క్‌షీట్. చాలా వర్క్‌షీట్లలో మంచం మీద పిల్లి, టేబుల్ కింద బంతి, చెట్టు వెనక కుక్క ఉంటాయి. బొమ్మ బొమ్మకూ వస్తువులు మారిపోతాయి కాబట్టి, పేర్లు తెలిసిన పిల్లలు ప్రిపొజిషన్ వినకుండానే సరైన బొమ్మకు గీత కలిపేస్తారు. అందుకని నా షీట్‌లో అన్ని బొమ్మల్లోనూ అదే బెంచీ, అదే పిల్లి గీశాను. మారేది పిల్లి ఉన్న చోటు ఒక్కటే. బొమ్మలు నాలుగు కాకుండా ఆరు పెట్టాను, రెండు మాటలు రెండోసారి వచ్చేలా. నాలుగు మాటలకు నాలుగే బొమ్మలుంటే మూడు తెలిసిన పిల్లలకు నాలుగోది ఊరికే వచ్చేస్తుంది. తెలిసి పెట్టారో, మిగిలింది పెట్టారో చెప్పలేం.

చిక్కు ఇక్కడే వచ్చింది. ఆటలో బిహైండ్ ఒక్కసారి కూడా తప్పని ఒక అబ్బాయి, బెంచీ వెనక ఉన్న పిల్లికి ఆన్ అని పెట్టాడు. రెండోసారి వచ్చిన బిహైండ్ బొమ్మకూ అంతే. పిల్లి ఎక్కడుందిరా అని అడిగితే చెక్క పై అంచు మీద వేలు పెట్టి, "ఇక్కడ పైన కూర్చుంది టీచర్" అన్నాడు. వాడి వేలు చూశాక బొమ్మ నాకూ వాడికి కనిపించినట్టే కనిపించింది. చెక్క పైన పిల్లి తల, చెవులు మాత్రమే ఉన్నాయి. కాగితానికి లోతు లేదు కదా, వెనక ఉన్నది పైన ఉన్నట్టే కనిపిస్తుంది. ఇంకో పాప అయితే "సగం పిల్లి" అంది. మాట వాళ్లకు వచ్చు. బొమ్మను చదవడమే ఇంకా రాలేదు.

అందుకని బొమ్మ బెంచీ ఒకటి టేబుల్ మీద పెట్టి, దాని వెనక బొమ్మ పిల్లిని నిలబెట్టాను. పిల్లలు ఒక్కొక్కరే ఎదురుగా వచ్చి, కళ్లు బెంచీ ఎత్తుకు దించి, ఒక కన్ను మూసుకుని చూడాలి. "కాళ్లు కనిపిస్తున్నాయా? ఎందుకు కనిపించట్లేదు?" అని అడిగాను. "బెంచీ అడ్డం ఉంది" అన్నారు. తర్వాత పిల్లిని బెంచీ మీద కూర్చోబెట్టి మళ్లీ చూడమన్నాను. ఈసారి పిల్లే బెంచీకి అడ్డం. ఏది దేనికి అడ్డం వచ్చింది అన్న ఈ ప్రశ్నే కాగితం మీద ఆన్‌కీ బిహైండ్‌కీ తేడా పట్టిస్తుంది.

ఆ తర్వాత కాగితం మీద గీసిన బెంచీ చెక్క పై అంచు వెంబడి సన్నగా చీలిక కోశాను. అట్టతో కత్తిరించిన పిల్లిని పిల్లలే ఆ చీలికలోకి దింపాలి. ఒళ్లు కాగితం వెనక్కి పోయి తల మాత్రం పైన మిగులుతుంది. వర్క్‌షీట్‌లో ఉన్న బొమ్మ అచ్చం అదే. ఆన్ అంటే పిల్లిని చీలికలో దింపకుండా బెంచీ బొమ్మ మీద ఆనించి పెడతారు. ఆ అబ్బాయి పిల్లిని దింపి, కాగితం తిప్పి వెనక దాని కాళ్లు చూసుకుని, మళ్లీ తిప్పాడు. తర్వాత అవే బొమ్మలు వేరే వరసలో ఇచ్చాను. బిహైండ్ రెండుసార్లూ సరిగ్గా పెట్టాడు.

పలికించడం మాత్రం వేరే పని. ఆట నడిపించే వంతు పిల్లలకు ఇచ్చినప్పుడు కొందరు "బెంచ్ అండర్ క్యాట్" అన్నారు. మనం బెంచీ కింద పిల్లి అంటాం కాబట్టి ఆ వరసే వచ్చేసింది. చేసి చూపించమంటే పిల్లిని సరిగ్గా బెంచీ కిందే పెట్టారు. చోటు తెలుసు, మాటల వరసే కుదరాలి. అలాంటప్పుడు "అవును, ద క్యాట్ ఈజ్ అండర్ ద బెంచ్" అని పూర్తి వాక్యం నేను పలికి ఆట సాగనిచ్చాను. ఆపి సరిదిద్దితే ఆట నడిపేవాళ్ల గొంతు లోపలికి పోతుంది.

చెట్టు, బంతి, పెట్టె లాంటివి ఈ షీట్‌లో పెట్టలేదు. వాటికి సొంతంగా వెనక వైపంటూ ఉండదు. చూసేవాళ్లు ఎటు నిలబడితే దానికి అవతలిది వెనక అవుతుంది. ఎదురెదురుగా నిలబడిన ఇద్దరు పిల్లలు బంతి వెనక అంటే చెరో వైపు చూపిస్తారు, ఇద్దరిదీ సరైనదే. అందుకే బెంచీతో బిహైండ్ గట్టిపడ్డాక దాన్ని వేరే పాఠంగా తీసుకుంటున్నాను.