‘యాప్ క్రాష్ అయింది’... సరే, ఏం చేస్తుండగా?

బగ్ రిపోర్ట్‌లో ఈ ఒక్క ముక్కే ఉంటే డెవలపర్ ఊహించుకోవడం తప్ప చేసేదేమీ ఉండదు. అదే ఇలా రాయండి: "గ్యాలరీలోంచి ఫొటో ఎంచుకుని, అప్‌లోడ్ సగంలో ఉండగా ఫోన్ అడ్డంగా తిప్పితే యాప్ మూసుకుపోతోంది. 5 సార్లు చేస్తే 5 సార్లూ అంతే. ఆటో రొటేట్ ఆపేస్తే రావట్లేదు."

అసలు విలువంతా ఆ చివరి వాక్యానిదే. ఆండ్రాయిడ్‌లో ఫోన్ తిప్పగానే మామూలుగా ఆ స్క్రీన్‌ను సిస్టమ్ తీసేసి మళ్లీ కొత్తగా కడుతుంది. అప్‌లోడ్ కోడ్ ఇంకా పాత స్క్రీన్‌నే పట్టుకుని ఉందేమోనని అనుభవమున్నవాళ్లు ముందు అక్కడే వెతుకుతారు.

యాప్ వెర్షన్, ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్ ఎలాగూ రాయాలి. ("లేటెస్ట్" అనేది వెర్షన్ నంబర్ కాదు!) యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్‌లో ఉంటే, క్రాష్ అయిన వెంటనే కంప్యూటర్‌లో ఇది కొట్టండి:

```
adb logcat -b crash -d
```

`FATAL EXCEPTION` దగ్గర్నుంచి కింద ఉన్నదంతా అక్షరాలుగానే పెట్టండి. స్క్రీన్‌షాట్‌గా పెడితే అందులో వెతకడం కుదరదు.