మా సంపు కడిగిన లాగ్: పసుపు రంగు ఎక్కడ పోతోంది?

నవంబర్, మొదటి రోజు. తిరుపతిలో వానలు తెరిపిచ్చిన మర్నాడు నాయన చెంబెడు నీళ్లు నా ముక్కు దగ్గర పెట్టి, "ఏందిరా ఇవి, మురుగు వాసన కొడతా ఉండాయి?" అన్నాడు. మిద్దె మీది ట్యాంకు మేలోనే కడిగాం. అనుమానం సంపు మీదికి పోయింది. తాగే నీళ్లకు క్యాన్ తెప్పించాం.

క్లోరిన్ కిట్ తీశాను. వీధి కొళాయి వస్తుండగా పట్టిన నీళ్లలో చుక్కలు వేస్తే లేత పసుపు వచ్చింది. అవే నీళ్లు సంపులో పడిన గంటకు చూస్తే రంగే లేదు. అంటే సరఫరా బాగానే ఉంది, సంపులో ఏదో క్లోరిన్‌ను తినేస్తోంది.

రెండో రోజు. సంపు నిండా ఉంటే నీళ్లు బయటికే కారతాయి, లోపలికి ఏమొస్తుందో తెలియదు. అందుకే సగానికి తగ్గించి, కొళాయి వాల్వు కట్టేసి, మోటారు ఆపి, గోడ మీద సుద్దగీత పెట్టాను. తెల్లారేసరికి నీళ్లు గీతకు రెండు వేళ్లు పైకొచ్చాయి. సంగతి అర్థమైపోయింది.

మూడో రోజు, ఆదివారం. మెయిన్ ఆపి, నీళ్లన్నీ తోడేశాం. రెండు గంటలు మూత తీసిపెట్టి, టేబుల్ ఫ్యాన్‌తో గాలి కొట్టించాక దిగాను. బామ్మర్ది పైనే కూర్చున్నాడు. ఒంటరిగా సంపులోకి దిగడం చావును పిలవడమే. అడుగున రెండు బకెట్ల ఒండ్రు. కొళాయి పైపు గోడలోకి దూరే చోట సిమెంటు రాలిపోయి, చుట్టూ నల్లటి తడి. బయట రెండడుగుల దూరంలో బాత్రూం మురుగు పైపు, దాని జాయింటు ఊడి ఉంది! ముందు ఆ జాయింటు మార్పించి, తర్వాత గోడ పూయించాం. అది ఆరడానికి వారం ఆగాం.

పదకొండో రోజు. పది లీటర్ల నీళ్లలో ఒక చెంచా బ్లీచింగ్ కలిపి సంపు గోడలు పొరకతో రుద్ది, అరగంట తర్వాత కడిగేశాం. వెయ్యి లీటర్ల ట్యాంకుకు 200 గ్రాములు పట్టింది. బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక తేట మాత్రమే పోశాను. అన్ని కొళాయిల్లోనూ బ్లీచింగ్ వాసన వచ్చేదాకా వదిలి, రాత్రంతా ఉంచి, పొద్దున పారబోశాం. మా ఇంట్లో ఉప్పు మరకలకు యాసిడ్ వాడే అలవాటుంది. బ్లీచింగ్ దగ్గరికి దాన్ని రానివ్వలేదు, రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాసు.

పద్నాలుగో రోజు. సంపులో గంట తర్వాత కూడా పసుపు నిలిచింది. నీళ్లలో మురుగు క్రిములుంటే నల్లబడే హెచ్‌టుఎస్ పరీక్ష సీసాలో మొదటి రోజే సంపు నీళ్లు పోశాను, అది మర్నాటికే నల్లబడింది. కొత్త సీసా రెండు రోజులైనా మారలేదు. (కుళ్లిన గుడ్డు వాసనొచ్చే బోరు నీళ్లకైతే ఇది ఊరికే నల్లబడుతుంది, నమ్మొద్దు.)

ఇకనుంచి సంపు, ట్యాంకు రెండూ కడిగేది ఏడాదికి రెండుసార్లు: మేలో ఒకసారి, వానలు ఆగాక డిసెంబరులో మరోసారి. సుద్దగీత పరీక్ష మాత్రం వానాకాలంలో నెలకోసారి. ట్యాంకు మూత మర సరిగా పట్టడం లేదు, అదింకా మిగిలే ఉంది.