3 స్పెక్ట్రోమీటర్లు, 54 మంది విద్యార్థులు

మా డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో స్పెక్ట్రోమీటర్లు 3, ట్రావెలింగ్ మైక్రోస్కోపులు 3, సోడియం ల్యాంపులు 3 ఉన్నాయి. ఆప్టిక్స్ ప్రాక్టికల్స్‌కి వచ్చేవాళ్లు 54 మంది. ల్యాబ్ బాధ్యత నాకు అప్పగించేసరికే 18 మంది చొప్పున బ్యాచ్‌లు ఉన్నాయి. కాగితం మీద అందరికీ సమానమే. అయితే ఏ రోజైనా బ్యాచ్ మొత్తానికి ఒకటే ప్రయోగం కావడంతో ఒక్కో స్పెక్ట్రోమీటర్ చుట్టూ ఆరుగురు మూగేవారు. ఒకరు టెలిస్కోపు తిప్పితే మిగతావాళ్లు రీడింగులు ఎక్కించుకునేవారు.

రికార్డులు దిద్దుతుంటే ఇది తెలిసిపోతుంది. పట్టక కోణం అందరికీ 60 డిగ్రీల దగ్గరే రావాలి, అందులో అనుమానించడానికేమీ లేదు. మొదటి వెర్నియర్ రీడింగు అలా కాదు. స్కేలును ఎక్కడ బిగించారన్న దాన్ని బట్టి అది మారుతుంది. ఆరుగురి రికార్డుల్లో అదే అంకె నిమిషాలతో సహా ఉందంటే చేసింది ఒక్కరే.

అందుకే బ్యాచ్‌ని తొమ్మిది జంటలుగా విడదీశాను. మూడు జంటలు స్పెక్ట్రోమీటర్ మీద, మూడు జంటలు మైక్రోస్కోపుతో న్యూటన్ వలయాల మీద, మిగిలిన మూడు జంటలు కటకం వక్రత కొలిచే, సోడియం ల్యాంపు అక్కర్లేని బాయ్స్ పద్ధతి మీద. ప్రతిసారీ ఒక్కో మెట్టు జరిగితే మూడు వంతుల్లో అందరి చెయ్యీ అన్నిటి మీదా పడుతుంది. ఒక్కో సోడియం ల్యాంపుకి ఓ పక్క స్పెక్ట్రోమీటర్, ఇంకో పక్క మైక్రోస్కోపు పెట్టాం. ల్యాంపు పూర్తి పసుపు వెలుగుకి రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది కాబట్టి పిల్లలు రాకముందే వేసి ఉంచాలి.

జంటలోనూ వంతు కావాలి. మొదటివాళ్లు ఫోకస్ సరిచేసి కోణం కొలిచాక, నేనే వెళ్లి టెలిస్కోపు, కాలిమేటర్ రెండిటి ఫోకస్‌నూ చెదరగొడతాను. రెండోవాళ్లు మళ్లీ మొదటినుంచి సరిచేసుకుని కనిష్ఠ విచలనం కొలవాలి. సరిచేసి ఉన్న పరికరం అందుకుంటే అంకెలు వస్తాయి గానీ పని రాదు.

రోజుల సంగతి తేల్చడమే కష్టమైంది. బ్యాచ్‌లు సోమ, బుధ, శనివారాలకి కట్టి ఉన్నాయి. రెండో శనివారం సెలవు కావడంతో మూడో బ్యాచ్‌కి నెలకో వంతు తప్పకుండా పోయేది. మా 3 బ్యాచ్‌లే ఫిజిక్స్, కెమిస్ట్రీ, కంప్యూటర్ ల్యాబ్‌ల మధ్య తిరుగుతాయి. ఆ రెండు శాఖలవాళ్లతో కూర్చుని వారం పేర్లు తీసేసి 1, 2, 3 వంతులు పెట్టాం. తమిళనాడు కాలేజీల్లో డే ఆర్డర్ అంటారే, అదే పద్ధతి. సెలవొస్తే ఆ వంతు పోదు, తర్వాతి ల్యాబ్ రోజుకి జరుగుతుంది. మూడు ల్యాబ్‌లూ కలిసి జరగాలి, ఒక్క శాఖ ఒప్పుకోకపోయినా ఇది సాగదు.

ఈ సెమిస్టర్ మధ్యలో ఒక స్పెక్ట్రోమీటర్ స్క్రూ అరిగి పట్టు తప్పింది. మిగిలిన రెండిటి దగ్గరికి ఆ జంటని తోయలేదు. ఆ రోజు బాయ్స్ బల్ల దగ్గర కూర్చోబెట్టి, వాళ్లకి ఒక స్పెక్ట్రోమీటర్ వంతు బాకీ అని రిజిస్టర్‌లో రాశాను. ప్రతి మూడు వంతుల తర్వాత బాకీల కోసమే ఒక ఖాళీ వంతు ఉంచుతున్నాం, జ్వరమొచ్చి రానివాళ్లకీ అదే.