తాళంచెవి మీద ఒక నిమిషం

శనివారం ఆఖరి పీరియడ్‌లో మా తెలుగు సార్ జామ్ అనే ఆట ఆడించేవారు. అదేనండీ, జస్ట్ ఎ మినిట్. 1967లో బీబీసీ రేడియోలో మొదలైన ఆట. ఇచ్చిన టాపిక్ మీద 60 సెకన్లు ఆగకుండా, అన్న మాటే మళ్ళీ అనకుండా, పక్కదారి పట్టకుండా మాట్లాడాలి. ఎవరైనా కరెక్టుగా తప్పు పట్టుకుంటే వాళ్ళకో పాయింటు, టాపిక్కూ మిగిలిన టైమూ కూడా వాళ్ళవే. ఊరికే అరిస్తే మాత్రం ఆ పాయింటు మాట్లాడేవాళ్ళకి పోతుంది, అందుకే ఎవరూ ఊరికే చెయ్యెత్తేవాళ్ళు కాదు.

సార్ మూడు రూల్సూ ఒక్కసారే పెట్టలేదు. మొదట్లో 30 సెకన్లే, ఆగకుండా మాట్లాడితే చాలు, ఎన్నిసార్లు రిపీట్ చేసినా అడిగేవారు కాదు. నోరు కాస్త తిరిగాకే రిపీట్ రూల్ వచ్చింది, అది కూడా టాపిక్ మాటకీ, ఒక, ఆ, కానీ లాంటి చిన్న మాటలకీ వర్తించదు.

టాపిక్స్ చూస్తే మాకు నవ్వొచ్చేది, గొడుగు, అద్దం, తాళంచెవి, ఇవేం టాపిక్సని. కానీ ఒకసారి ఎవరో పట్టుబట్టి "స్నేహం" తీసుకున్నారు, స్నేహం చాలా గొప్పది, చాలా ముఖ్యం అని రెండో "చాలా" దగ్గరే దొరికిపోయారు. అలాంటి టాపిక్‌లో పొగడటం తప్ప జరిగేదేమీ ఉండదు మరి, వస్తువైతే దానికేదో ఒకటి జరుగుతుంది, చెప్పుకుంటూ పోవచ్చు.

తాళంచెవి మా క్లాస్‌లో బాగా మాట్లాడే అమ్మాయికి వచ్చింది. "తాళంచెవి నా జేబులో లేదు, సంచీ అంతా వెతికాను, పుస్తకాలు దులిపాను, తమ్ముణ్ణి అడిగితే తెలీదన్నాడు, మంచం కింద వెతికాను..." అంతే, వెనక బెంచీ నుంచి చెయ్యి లేచింది, "వెతికాను రెండుసార్లు సార్!" అప్పటికి 20 సెకన్లు కూడా కాలేదు. మంచం కింద "తొంగిచూశాను" అనుంటే బతికిపోయేది. టాపిక్ అందుకున్నవాడు ఇంకా వెతకడంలోకి వెళ్ళలేదు, తెలివైనోడు, "తాళంచెవి దొరికింది, తలుపుకే వేలాడుతోంది" అని మొదలెట్టి లోపలికెళ్ళి, ఫ్యాన్ వేసి, అమ్మ చేత తిట్లు తిని, చివరికి డూప్లికేట్ చేయించేదాకా లాగాడు. పని మారితే క్రియ మారుతుంది, క్రియ మారితే రిపీట్ దానంతటదే తగ్గుతుంది, సార్ అప్పుడు చెప్పింది ఇదే.

ఇంకోటి, స్పీడుగా మాట్లాడేవాళ్ళే ముందు ఆగిపోయేవాళ్ళు, తెలిసిందంతా 15 సెకన్లలో అయిపోతే ఇక ఏముంటుంది. "అంటే", "అదన్నమాట" అని సాగదీస్తే సార్ దాన్నీ ఆగడం కిందే లెక్కేసేవారు. నిదానంగా ఒక వాక్యం చెప్తూనే మనసులో తర్వాతి పని ఏంటో చూసుకోవాలి, వాక్యం మొత్తం కాదు, పని ఒక్కటే చాలు, మాటలు అవే వస్తాయి.