09/08/2019: ఆగస్టా, సెప్టెంబరా?

మా బాబు 2019 ఆగస్టు 9న గుంటూరులో పుట్టాడు. బర్త్ సర్టిఫికెట్‌లో 09/08/2019 అని అంకెలే ఉన్నాయి. 2024లో టెక్సాస్‌లో వాణ్ణి కిండర్‌గార్టెన్‌లో చేర్చబోతే అసలు పేచీ ఇక్కడే వచ్చింది. అక్కడ సెప్టెంబర్ 1 నాటికి పిల్లలకు ఐదేళ్లు నిండి ఉండాలి. మావాడికి నిండుతాయి కదా అని ధీమాగా ఉన్నాం. తీరా చూస్తే వయసు చాలదంటూ మెయిల్.

ఆన్‌లైన్ ఫారంలో నేను ఆగస్టే ఎంచుకున్నాను. కానీ సర్టిఫికెట్‌తో సరిచూసిన ఉద్యోగి తమ అలవాటు ప్రకారం ముందున్న 09ని నెల అనుకుని, సెప్టెంబర్ 8 అని దిద్దేసింది. ఏడు రోజుల తేడాతో మావాడు ఇంకో ఏడాది ఇంట్లో కూర్చోవాల్సిన లెక్క. ఏ 20వ తేదీనో పుట్టి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు, 20వ నెల అంటూ లేదు గనక. 1 నుంచి 12 లోపు తేదీల్లో పుట్టినవాళ్లకే ఈ తిప్పలు. అందులోనూ 05/05 లాంటివాళ్లు అదృష్టవంతులు, ఎటు చదివినా ఒకటే. మిగతావాళ్లకు ఏ కంప్యూటరూ తప్పు పట్టదు. రెండూ చెల్లే తేదీలే మరి.

"మా దేశంలో రోజు ముందు రాస్తామండీ" అని నోటితో చెబితే ఆవిడ వింది గానీ, ఏదైనా కాగితం చూపించమంది. న్యాయమే. మావాడి పాస్‌పోర్టులో అమెరికా వీసా ఉంది. అందులో పుట్టినతేదీ 09AUG2019 అని నెల అక్షరాల్లో ఉంటుంది. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున మెషీన్ చదివే రెండు వరుసలుంటాయి. రెండో వరుసలో IND తర్వాతి ఆరు అంకెలు 190809. అక్కడ ఏ దేశమైనా ఏడాది, నెల, రోజు వరుసలోనే ఇవ్వాలి. ఈ రెండూ చూశాక ఆవిడ మారుమాట లేకుండా సరిచేసింది.

తర్వాత టీకాల కార్డు గుర్తొచ్చింది. అది స్కూల్ నర్సు దగ్గర వేరే ఫైల్లో ఉంటుంది. చూస్తే అక్కడా సెప్టెంబరే! పైగా మీజిల్స్ టీకా మొదటి పుట్టినరోజున గానీ ఆ తర్వాత గానీ వేసి ఉంటేనే వాళ్లు లెక్కలోకి తీసుకుంటారు. అంటే పుట్టినతేదీ తప్పయితే సరిగ్గా వేసిన డోసు కూడా చెల్లకుండా పోవచ్చు. కార్డులో ఆరువారాల టీకా 20/09/2019న పడింది. ఆ ఒక్క గడి చాలు, కార్డంతా రోజు ముందు పద్ధతిలోనే ఉందని తేల్చడానికి. నర్సుకి అదే చూపించాను.

ఇప్పుడు ఏ కాగితం ఇచ్చినా పక్కన 09 Aug 2019 అని రాసిన చిన్న పేజీ జతచేస్తున్నాను. క్యాలెండర్ గడి ఉన్న ఫారమైతే నింపాక సేవ్ చేసి, అది చూపించే వయసు ఎన్నేళ్ల ఎన్ని నెలలో వేళ్ల మీద లెక్కేసుకుంటాను. పంపేశాక వచ్చే కాపీలోనూ పుట్టినతేదీ గడి ఒకసారి చూస్తాను, ఎందుకంటే మావాడి తేదీ మారింది నేను ఫారం పంపేశాకే.